ప్రతి మాటా నిజమే, ప్రకటన మాత్రం అబద్ధం: అమెరికా కుక్కర్‌ని హైదరాబాద్‌లో అమ్మడం ఎలా

“ఎలక్ట్రిక్ ప్రెషర్ కుక్కర్, 6 లీటర్లు, 1000 వాట్స్. అమెరికా నుంచి తెచ్చింది. యూఎల్ సర్టిఫైడ్. ఆరు నెలలే వాడాం. మన ప్లగ్‌కి అడాప్టర్ ఫ్రీ.”

అమెరికాలో కొన్నేళ్లుండి తిరిగొచ్చిన కుటుంబం సామాను సర్దుకుంటూ ఇలాంటి ప్రకటన పెట్టడం హైదరాబాద్‌లో కొత్తేమీ కాదు. ఇందులో ఒక్క మాటా అబద్ధం కాదనుకుందాం. కుక్కర్ నిజంగా ఆరు లీటర్లదే, అడుగున స్టిక్కర్ మీద 1000 వాట్లనే ఉంది, యూఎల్ అనే అమెరికా భద్రతా ముద్ర అసలుదే, అడాప్టర్ కూడా ఇస్తారు. అయినా దీన్ని నమ్మి కొన్న మనిషి ఇంటికెళ్లి ప్లగ్ పెట్టి స్విచ్ వేస్తే కుక్కర్ కాలిపోతుంది. ప్రకటనలో లేని ఒకే ఒక్క సంగతి దానికి కారణం. అదే స్టిక్కర్ మీద, వాట్ల పక్కనే, 120 వోల్టులు, 60 హెర్ట్జ్ అని కూడా రాసి ఉంది.

కరెంటు సామాను అమ్మేటప్పుడు వాట్లు, ప్లగ్, భద్రతా ముద్ర అనే మూడు వివరాలు రాయడం అలవాటు. ఈ మూడూ నిజాలే రాసి కూడా కొనేవాణ్ణి తప్పుదారి పట్టించవచ్చని చూపించడానికి ఈ కుక్కర్ చక్కగా పనికొస్తుంది. అందుకే దీన్నే పట్టుకుని చివరిదాకా వెళ్దాం.

ముందు వాట్ల సంగతి. వాట్లు ఆ వస్తువుకు పుట్టుకతో వచ్చిన గుణమని చాలామంది అనుకుంటారు, దాని బరువులాగా, రంగులాగా. నిజానికి వాట్లు ఒక వోల్టేజికి కట్టుబడిన అంకె. కుక్కర్ అడుగున ఉండే హీటర్ కాయిల్‌కు సొంతంగా ఉండేది నిరోధం మాత్రమే. 120 వోల్టుల దగ్గర 1000 వాట్లు తీసుకోవాలంటే ఆ నిరోధం 14.4 ఓమ్‌లు ఉండాలి. అప్పుడు అది లాగే కరెంటు ఎనిమిది ఆంపియర్లు దాటి కొంచెం. అదే కాయిల్‌ని మన గోడలోని 230 వోల్టులకు తగిలిస్తే కరెంటు దాదాపు 16 ఆంపియర్లకు పెరుగుతుంది. వోల్టేజి రెట్టింపుకు కాస్త తక్కువగా పెరిగింది, కరెంటూ అంతే పెరిగింది, వాటి గుణకారమే వాట్లు కాబట్టి వేడి మాత్రం మూడున్నర రెట్లు దాటిపోయింది. లెక్క ఇలా ఉంటుంది:

```
R = 120 × 120 / 1000 = 14.4 Ω
I = 230 / 14.4 ≈ 16 A
P = 230 × 230 / 14.4 ≈ 3670 W
```

అంటే “1000 వాట్స్” అని రాసిన వస్తువు, కొన్నవాళ్ల వంటింట్లో 3,670 వాట్ల వస్తువు అవుతుంది. పెద్ద గీజర్ కన్నా ఎక్కువ. అయితే ఈ దశ దాకా అది బతికే అవకాశం తక్కువ. ఇప్పటి ఎలక్ట్రిక్ కుక్కర్లలో బటన్లను, డిస్‌ప్లేను నడిపే చిన్న సర్క్యూట్ బోర్డు ఉంటుంది. మామూలుగా ముందు పోయేది అదే: టప్ మని ఒక శబ్దం, కాలిన వాసన, చీకటైన డిస్‌ప్లే. ఫ్యూజు ఎగిరితే అదృష్టం. బోర్డు లేని పాత రకం రైస్ కుక్కర్ అయితే కాయిలే ఎర్రగా కాలి, వేడి హద్దు దాటినప్పుడు కరిగే థర్మల్ ఫ్యూజు దగ్గర కథ ఆగాలి. ఆగుతుందనే భరోసా ఎవరూ ఇవ్వలేరు.

ఇక్కడ ఒక అపోహ తీర్చాలి. “ఎంసీబీ ఉంది కదా, అదే ట్రిప్ అవుతుంది” అనేవాళ్లు చాలామంది ఉంటారు. వంటింటి పవర్ ప్లగ్‌కి పెట్టేది సాధారణంగా 16 ఆంపియర్ల ఎంసీబీ. మన కుక్కర్ లాగుతున్నది సరిగ్గా 16. ఎంసీబీ తన మీద రాసిన అంకె దగ్గర పడిపోదు, దాని మీద కొంత ఎక్కువైనా గంటసేపు మోయాలన్నదే దాని ప్రమాణం. పైగా ఎంసీబీ ఉన్నది గోడలోని వైరును కాపాడటానికి, వస్తువును కాపాడటానికి కాదు. కరెంటు లీకును పట్టే ఆర్‌సీసీబీ కూడా ఎక్కువ వోల్టేజిని గుర్తించదు. కాబట్టి ప్రకటనలో దాచిన ఆ ఒక్క అంకెను కొన్నవాళ్ల ఇంట్లో ఏ పరికరమూ పట్టుకోదు.

హెయిర్ డ్రయ్యర్ ఇంకా ఘోరం, అంతకంటే తమాషా కూడా. అమెరికా డ్రయ్యర్ల మీద తరచుగా కనిపించే అంకె 1875 వాట్లు. ఎందుకంత వింత అంకె అంటే, అక్కడి మామూలు సాకెట్ 15 ఆంపియర్లది, డ్రయ్యర్ మీద రాసే వోల్టేజి 125, ఆ రెంటినీ గుణిస్తే వచ్చేది సరిగ్గా 1875. అంటే సాకెట్ ఇవ్వగలిగినదంతా ఆ వస్తువే లాగేస్తుందన్నమాట. ఎవరైనా వోల్టేజి చెప్పకుండా “1875 వాట్స్ డ్రయ్యర్” అని రాస్తే, ఆ అంకే అది ఏ దేశానికి తయారైందో దాదాపుగా చెప్పేస్తుంది. 230 వోల్టుల మీద ఆ లెక్క 6,300 వాట్లు దాటుతుంది.

అమెరికా నుంచి వచ్చినవన్నీ ఇలాంటివే కావు. లాప్‌టాప్ చార్జర్, ఫోన్ చార్జర్, కెమెరా చార్జర్ల మీద ఇన్‌పుట్ 100 నుంచి 240 వోల్టులు, 50/60 హెర్ట్జ్ అని ఉంటుంది. అవి ఎక్కడైనా పనిచేస్తాయి. ఇక్కడ స్టిక్కర్ మీద ఒక చిన్న గుర్తును గమనించాలి. రెండు వోల్టేజీల మధ్య అడ్డగీత ఉంటే, అంటే 100-240 అని ఉంటే, ఆ మధ్యలో ఏ వోల్టేజికైనా అది తనంతట తానే సర్దుకుంటుంది. ఏటవాలు గీత ఉంటే, అంటే 120/240 అని ఉంటే, రెండిట్లో ఏదో ఒకటి మనం ఎంచుకోవాలని అర్థం. ఎక్కడో ఒక స్విచ్ ఉంటుంది, ప్రయాణాల కోసం చేసిన హెయిర్ డ్రయ్యర్లలో చిన్న నాణెంతో తిప్పే గాడిలాగా. దాన్ని అమ్మేవాడు “డ్యూయల్ వోల్టేజ్” అని రాసి వదిలేస్తే సగమే చెప్పినట్టు. స్విచ్ ఎక్కడుందో, ఇప్పుడు ఏ వైపు ఉందో రాయాలి. లేకపోతే 120 వైపు ఉన్న స్విచ్‌తోనే అది కొన్నవాళ్ల ప్లగ్‌లోకి వెళ్తుంది.

చార్జర్ల దగ్గర ఇంకో గందరగోళం ఉంది. లాప్‌టాప్ చార్జర్ మీద ఇన్‌పుట్ 1.5 ఆంపియర్లు అని, అవుట్‌పుట్ 19.5 వోల్టులు, 3.34 ఆంపియర్లు అని ఉంటుంది. కొందరు 240ని 1.5తో గుణించి “360 వాట్ల చార్జర్” అని రాస్తారు. ఆ 1.5 అనేది అత్యంత తక్కువ వోల్టేజి దగ్గర కూడా దాటని గరిష్ఠ హద్దు మాత్రమే. కొనేవాడికి కావాల్సింది అవుట్‌పుట్ వైపు లెక్క: 19.5ని 3.34తో గుణిస్తే 65 వాట్లు. మైక్రోవేవ్ ఓవెన్‌లో ఇది తిరగబడుతుంది. పెట్టె మీద పెద్ద అక్షరాల్లో 1000 వాట్లు అని ఉండేది ఆహారానికి చేరే వేడి, గోడలోంచి లాగేది దాదాపు 1400, 1500 వాట్లు. ఇంటి వైరింగ్‌కి కావాల్సింది ఈ రెండో అంకె. కాబట్టి వాట్లు రాసినప్పుడల్లా అది లోపలికి వెళ్లేదా, బయటికి వచ్చేదా అన్నది చెప్పాలి. (ఒకప్పుడు స్పీకర్ల డబ్బాల మీద వేలల్లో పీఎంపీఓ వాట్లని ఉండేది గుర్తుందా? వెనక తిప్పి చూస్తే ఆ వేల వాట్ల స్పీకర్‌కి కరెంటు ఇచ్చే అడాప్టర్ ఇరవై వాట్లది. అలాంటి అంకెను స్టిక్కర్ మీద ఉన్నా సరే ప్రకటనలోకి ఎక్కించకపోవడమే మర్యాద.)

కుక్కర్ దగ్గరికి తిరిగి వద్దాం. 120 వోల్టులని రాసేస్తే పని అయిపోయిందా అంటే, దాని పక్కనున్న 60 హెర్ట్జ్ కూడా రాయాలి. కాయిల్‌కి హెర్ట్జ్‌తో పనిలేదు, వోల్టేజి సరిగ్గా ఇస్తే 50 అయినా 60 అయినా ఒకటే వేడి. కానీ వోల్టేజిని తగ్గించే ట్రాన్స్‌ఫార్మర్ హెర్ట్జ్‌ని మార్చదు. అమెరికా మైక్రోవేవ్‌లో 60 హెర్ట్జ్ లెక్కన చుట్టిన బరువైన ట్రాన్స్‌ఫార్మర్ ఉంటే, 50 మీద అది అవసరానికి మించి వేడెక్కుతుంది. కరెంటు హెర్ట్జ్‌ని లెక్కపెట్టి నడిచే పాత రకం గడియారం మన దగ్గర గంటకు పది నిమిషాలు వెనకబడుతుంది. మిక్సీలో ఉండే బ్రష్ మోటారుకు ఈ తేడా పెద్దగా పట్టదు, ఫ్యాన్ మోటారుకు పడుతుంది. ఇదంతా అమ్మేవాడు తెలుసుకోనక్కర్లేదు. స్టిక్కర్ మీద ఉన్న ఆ రెండంకెలూ అలాగే దించి రాస్తే, తెలిసినవాడు చూసుకుంటాడు.

“ట్రాన్స్‌ఫార్మర్ పెట్టుకుంటే పనిచేస్తుంది” అని రాసేవాళ్లున్నారు. మాట నిజమే, కానీ ఎంత ట్రాన్స్‌ఫార్మరో చెప్పకపోతే అది కూడా సగం మాటే. 1000 వాట్ల కుక్కర్‌కి కాస్త వెసులుబాటుతో 1500 వీఏ, అంటే దాదాపు 1500 వాట్ల బరువు మోయగల, స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. అది వంటింటి గట్టు మీద ఒక మూల ఆక్రమించే బరువైన ఇనుప పెట్టె. చేతిలో పట్టే తేలికైన ట్రావెల్ కన్వర్టర్లు కొన్ని మీద 1600 వాట్లని రాసుంటుంది. అవి వోల్టేజిని నిజంగా తగ్గించవు, కరెంటు అలను ముక్కలుగా కోసి పంపుతాయి. ఉత్త కాయిల్ ఉన్న ఇస్త్రీపెట్టెకు కాసేపు పర్వాలేదేమో గానీ, సర్క్యూట్ బోర్డు ఉన్న కుక్కర్‌కి పనికిరావు. అలాంటి కన్వర్టర్‌ని కుక్కర్‌తో కలిపి “కన్వర్టర్‌తో సహా” అని అమ్మితే, కొన్నవాడు రెండూ పోగొట్టుకుంటాడు.

ఇప్పుడు ప్లగ్. మొత్తం వ్యవహారంలో అందరూ తేలిగ్గా తీసుకునేది ఇదే, మోసం దాగేదీ ఇక్కడే. అమెరికా ప్లగ్‌కి రెండు చదునైన రేకులు, వాటి కింద ఒక గుండ్రటి ఎర్త్ పిన్ను ఉంటాయి. మన ప్లగ్‌కి మూడూ గుండ్రటి పిన్నులు. ఒకదాని ప్లగ్ ఇంకోదాని సాకెట్‌లో పట్టకపోవడం అసౌకర్యంలా కనిపిస్తుంది. నిజానికి ఆ ఆకారమే ఒక హెచ్చరిక. చదువురాని మనిషి కూడా చదవగలిగే భాషలో అది చెప్తోంది: ఇది ఈ గోడకు చేసింది కాదు అని. యాభై రూపాయల అడాప్టర్ ఆ హెచ్చరికను చెరిపేస్తుంది. అడాప్టర్ పిన్నుల ఆకారాన్ని మారుస్తుంది తప్ప ఒక్క వోల్టును కూడా తగ్గించదు. “మన ప్లగ్‌కి అడాప్టర్ ఫ్రీ” అన్న మాట ప్రకటనలో కుక్కర్ ఇక్కడ పనిచేస్తుందనే అర్థాన్నే ఇస్తుంది. ఆ నాలుగు మాటలూ తీసేస్తే ప్రకటన సగం నిజాయితీపరురాలవుతుంది.

అడాప్టర్‌తో ఇంకో నష్టం ఎర్త్. ఎలక్ట్రిక్ కుక్కర్ లోపలి భాగం లోహం, పక్కనే నీళ్లు. అందుకే దానికి మూడో పిన్ను ఇచ్చారు. చవక అడాప్టర్లలో చాలావాటికి రెండే పిన్నులుంటాయి, లేదా మూడో పిన్ను ప్లాస్టిక్‌ది, లోపల దేనికీ కలవదు. దాన్ని వాడితే ఎర్త్ పోయినట్టే. ఫోన్ చార్జర్‌కి ఇది సమస్య కాదు. ఒక గడిలో మరో గడి ఉన్న గుర్తు దాని మీద కనిపిస్తుంది, అంటే రెండు పొరల ఇన్సులేషన్ ఉంది, ఎర్త్ అక్కర్లేదని అర్థం. ఆ గుర్తు లేకుండా మూడు పిన్నులతో వచ్చిన వస్తువును రెండు పిన్నుల అడాప్టర్‌తో ఇస్తూ “అడాప్టర్ ఉంది” అని మాత్రమే రాయడం సరిపోదు. “అడాప్టర్‌కి ఎర్త్ లేదు” అనే మూడు మాటలు అక్కడ ఉండాలి.

అన్నిటికన్నా ప్రమాదకరం అడాప్టర్ కూడా లేకపోవడం. అంటే ఎవరో వీధి చివర ఎలక్ట్రీషియన్ చేత అసలు ప్లగ్‌ని కోయించి, మన మూడు పిన్నుల ప్లగ్ బిగించి అమ్మడం. ఫొటోలో చూస్తే అది అచ్చం మన కుక్కరే. హెచ్చరిక పూర్తిగా మాయమైంది. పైగా వైరు రంగుల దగ్గర ఒక ఉచ్చు ఉంది. అమెరికాలో నలుపు వైరు ఫేజు, తెలుపు న్యూట్రల్, ఆకుపచ్చ ఎర్త్. మన దగ్గర పాత పద్ధతిలో ఎరుపు ఫేజు, నలుపు న్యూట్రల్. పాత అలవాటున్న ఎలక్ట్రీషియన్ నల్ల వైరును న్యూట్రల్ అనుకుని బిగిస్తే ఫేజు, న్యూట్రల్ తారుమారవుతాయి. వస్తువు పనిచేస్తూనే ఉంటుంది, కానీ దాని లోపలి స్విచ్ ఫేజును కాకుండా న్యూట్రల్‌ను కోస్తుంది. ఆపేశామనుకున్న కుక్కర్ లోపల కరెంటు అలాగే నిలబడి ఉంటుంది. అందుకే ప్లగ్ మార్చి ఉంటే ఆ సంగతి, వీలైతే ఎవరు మార్చారో కూడా, ప్రకటనలో ముందుగా రావాలి. వైరుతో కలిపి పోతపోసిన ప్లగ్ కాకుండా స్క్రూలతో విప్పే ప్లగ్ కనిపిస్తే, కొనేవాళ్లు అడగాల్సిన మొదటి ప్రశ్న కూడా ఇదే.

మన దేశపు సామానులో కూడా ప్లగ్ గురించి చెప్పాల్సింది ఒకటి ఉంది: చిన్నదా, పెద్దదా. వాడుకలో చిన్న ప్లగ్ అనేది 6 ఆంపియర్లది, పవర్ ప్లగ్ అనేది 16 ఆంపియర్లది. చిన్నది మోయగలిగేది 1,380 వాట్ల దాకా. 2000 వాట్ల ఇండక్షన్ స్టవ్ దాదాపు తొమ్మిది ఆంపియర్లు లాగుతుంది కాబట్టి పవర్ ప్లగ్ తప్పనిసరి. అద్దె ఇళ్లలో వంటింటి గట్టు దగ్గర పవర్ సాకెట్ ఒక్కటే ఉండి, దానికి ఫ్రిజ్ తగిలించి ఉండటం మామూలే. కొన్నవాడు పెద్ద ప్లగ్‌ని చిన్న సాకెట్‌లో పట్టించే కన్వర్షన్ ప్లగ్ తెచ్చుకుంటాడు, నెల తిరిగేసరికి సాకెట్ పసుపుబారి కరగడం మొదలవుతుంది. “16 ఆంప్స్ ప్లగ్, పవర్ సాకెట్ కావాలి” అని ఒక్క ముక్క రాస్తే, సాకెట్ లేనివాడు ముందే ఆగిపోతాడు.

ఇక భద్రతా ముద్ర. మన కుక్కర్ మీద యూఎల్ అసలుదే అనుకున్నాం. దాని అర్థమేమిటంటే, ఆ మోడల్‌ని అమెరికా భద్రతా ప్రమాణాల ప్రకారం, 120 వోల్టుల మీద పరీక్షించారని. 230 వోల్టుల గురించి ఆ ముద్ర ఒక్క మాట కూడా చెప్పదు. హైదరాబాద్‌లో “యూఎల్ సర్టిఫైడ్” అని రాస్తే కొనేవాడికి వినిపించేది “సేఫ్” అనే మాట. అమెరికా వోల్టేజికి మాత్రమే అన్న షరతు వినిపించదు. కాబట్టి ముద్ర పేరు రాసినప్పుడు, ఆ ముద్ర ఏ వోల్టేజికి, ఏ దేశానికి వర్తిస్తుందో వెంటనే రావాలి.

అసలు ముద్ర ఎక్కడుందో కూడా చూడాలి. చాలామంది పొరపడేది ఇక్కడే. అమెరికా వస్తువుల వైరుకు చిన్న కాగితం చీటీ వేలాడుతూ ఉంటుంది, దాని మీద యూఎల్ అని ఉంటుంది. అది ఆ వైరుకు వచ్చిన ముద్ర, వస్తువుది కాదు. యూఎల్‌లోనే రెండు రకాలున్నాయి. గుండ్రటి గుర్తుతో పాటు లిస్టెడ్ అనే మాట ఉంటే పూర్తి వస్తువును పరీక్షించినట్టు. అద్దంలో తిప్పినట్టు కనిపించే ఆర్‌యూ గుర్తు ఉంటే, లోపలి ఒక భాగాన్ని మాత్రమే ఆమోదించినట్టు. మన దగ్గరా అచ్చం ఇదే జరుగుతుంది. పేరులేని కంపెనీ మిక్సీ ప్లగ్ మీద ఐఎస్ఐ ముద్ర చక్కగా అచ్చై ఉంటుంది, అమ్మేవాడు “ఐఎస్ఐ మిక్సీ” అంటాడు. ముద్ర పైన ఉన్న అంకె చూస్తే గుట్టు బయటపడుతుంది. ఐఎస్ 1293 అని ఉంటే అది ప్లగ్గులు, సాకెట్ల ప్రమాణం. ఐఎస్ 694 అయితే వైర్లది. మిక్సీ ప్రమాణం ఐఎస్ 4250. ఆ అంకె మిక్సీ స్టిక్కర్ మీద లేకపోతే, ముద్ర ప్లగ్‌కి ఉంది, మిక్సీకి లేదు.

ఐఎస్ఐ ముద్రకు పైన ప్రమాణం అంకె, కింద సీఎం/ఎల్ అని మొదలయ్యే లైసెన్సు నంబరు ఉండాలి. చార్జర్లు, పవర్ బ్యాంకులు, లాప్‌టాప్‌ల వంటి ఎలక్ట్రానిక్ సామానుకు ఐఎస్ఐ బదులు వేరే పద్ధతి, 2012లో మొదలైన తప్పనిసరి రిజిస్ట్రేషన్. వాటి మీద ఆర్ అనే అక్షరంతో మొదలయ్యే నంబరు ఉంటుంది. రెంటినీ బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూసుకోవచ్చు. వచ్చే వివరాల్లో నంబరు ఉందా లేదా అన్నది ఒక్కటే చూస్తే సరిపోదు. తయారీదారు పేరు, వస్తువు రకం స్టిక్కర్‌తో కలుస్తున్నాయా అన్నది చూడాలి. నకిలీ ముద్రలు వేసేవాళ్లు నంబరును ఊహించి రాయకుండా ఏదో కంపెనీది నిజమైన నంబరే ఎత్తుకొచ్చే అవకాశం ఉంది. ఇస్త్రీపెట్టె మీద ఉన్న నంబరు కొడితే ఎక్కడిదో సీలింగ్ ఫ్యాన్ల ఫ్యాక్టరీ పేరు వస్తే, ఇక చెప్పేదేముంది. ఆ లైసెన్సు ఇప్పుడు గడువు తీరిందని చూపిస్తే మాత్రం కంగారు పడక్కర్లేదు. వస్తువు తయారైన నాటికి లైసెన్సు అమల్లో ఉందా అన్నదే ప్రశ్న.

బయటివాళ్లు భద్రతను పరీక్షించారని చెప్పని ముద్రల్ని భద్రతా ముద్రలుగా చూపించడం ఇంకో అలవాటు. ఎఫ్‌సీసీ అంటే ఆ వస్తువు రేడియో తరంగాలకు అంతరాయం కలిగించదని, రోహెచ్ఎస్ అంటే సీసం లాంటి హానికర పదార్థాలు హద్దులో ఉన్నాయని. బీఈఈ నక్షత్రాలు చెప్పేది కరెంటు ఆదా గురించి, అదీ లేబుల్ మీద ఉన్న కాలానికి. ఐఎస్ఓ 9001 కంపెనీ పని పద్ధతికి ఇచ్చేది, వస్తువుకు కాదు. సీఈ అనేది ఐరోపా మార్కెట్ కోసం, అక్కడి భద్రతా నియమాలు కూడా పాటించామని చాలా ఇంటి సామాను విషయంలో తయారీదారు తన బాధ్యత మీద తానే వేసుకునేది. ఇవన్నీ వరసగా పేర్చి “ఐదు సర్టిఫికేషన్లు” అని రాస్తే వరస బరువుగానే కనిపిస్తుంది, షాక్ కొడుతుందా లేదా అని బయటివాళ్లు పరీక్షించారా అన్న ప్రశ్నకు మాత్రం ఒక్కటీ జవాబివ్వదు.

పాత వస్తువుకు మరో షరతు కూడా వర్తిస్తుంది. ముద్ర ఫ్యాక్టరీ గేటు దాటిన రూపానికి వచ్చింది. తర్వాత వైరు మార్చారు, హీటర్ కాయిల్ మార్చారు, థర్మల్ ఫ్యూజు పోతే దాన్ని బైపాస్ చేసి వైరు ముక్క కలిపారు. ఆ చివరిది మరమ్మతు దుకాణాల్లో నిజంగా జరిగేదే, వస్తువు బాగానే పనిచేస్తుంది కూడా. స్టిక్కర్ మీద ముద్ర అలాగే ఉంటుంది, దాని అర్థం మాత్రం పోయింది. రిపేరు జరిగితే ఏ భాగం మార్చారో రాయాలి, తెలియకపోతే తెలియదని రాయాలి. స్టిక్కరే చెరిగిపోయిన వస్తువు విషయంలోనూ అంతే. “బహుశా 750 వాట్స్” అన్న ఊహ కన్నా “స్టిక్కర్ లేదు, వాట్లు తెలియవు” అన్నదే కొనేవాడికి ఎక్కువ సమాచారం.

ఇదంతా పెట్టుకుని మొదటి ప్రకటనను తిరగరాస్తే ఇలా వస్తుంది:

“ఎలక్ట్రిక్ ప్రెషర్ కుక్కర్, 6 లీటర్లు. అమెరికా మోడల్: 120 వోల్టులు, 60 హెర్ట్జ్, 1000 వాట్స్. మన 230 వోల్టుల సాకెట్‌లో నేరుగా పెట్టకూడదు, కాలిపోతుంది. ఇక్కడ వాడాలంటే కనీసం 1500 వీఏ స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి, అది మా దగ్గర లేదు. ప్లగ్ అసలుదే, అమెరికా మూడు పిన్నులు, మార్చలేదు. యూఎల్ లిస్టెడ్ ముద్ర అడుగున ఉంది, అది అమెరికా వోల్టేజికి మాత్రమే. ఐఎస్ఐ లేదు. డాలస్‌లో ఆరు నెలలు వాడాం, ఏ రిపేరూ చేయించలేదు. హైదరాబాద్‌లో ప్లగ్ పెట్టి చూడలేదు. స్టిక్కర్ ఫొటో జత చేశాం.”

ఇంత రాస్తే ఎవరు కొంటారన్న సందేహం సహజం. ఈ ఊళ్లో వండుకునేవాళ్లు కొనరు, కొనకూడదు కూడా. కానీ ఇదే ప్రకటన జూలైలో పెడితే పరిస్థితి వేరు. ఆగస్టులో అమెరికా చదువులకు బయల్దేరే పిల్లలు అప్పుడే సామాను సర్దుకుంటూ ఉంటారు. వాళ్లలో కొందరు ఇంట్లోని 230 వోల్టుల రైస్ కుక్కర్‌నే పెట్టెలో పెట్టుకుంటారు. అక్కడికెళ్లి ప్లగ్ పెడితే పై లెక్క తిరగబడి, పావువంతు పైన కాస్త వేడి మాత్రమే వస్తుంది, బియ్యం నానుతుంది గానీ ఉడకదు. అలాంటి ఇంటికి 120 వోల్టులు, అమెరికా ప్లగ్, యూఎల్ లిస్టెడ్ అన్న మూడు ముక్కలూ సరిగ్గా కావాల్సినవే. మొదటి ప్రకటన దాచిన అంకె కోసమే వాళ్లు ఫోన్ చేస్తారు. బేరం ఆగితే బరువు దగ్గరే ఆగుతుంది. విమానంలో ఒక పెట్టెకు 23 కిలోలే, అందులో కుక్కర్‌కి చోటివ్వాలా, పచ్చళ్లకా అన్నది ఆ ఇంట్లో తేలాల్సిన విషయం. కాబట్టి ప్రకటనలో ఇంకో అంకె కూడా చేర్చడం మంచిది: తూకం వేసి చూసిన కుక్కర్ బరువు.